ఫ్రీడ్‌మన్ 4 శాతం రూల్, మాట వినని వెలాసిటీ

ప్రశ్న: సర్, ఎంఏ ఎకనామిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ద్రవ్య సరఫరాను ఏటా ఒకే శాతం చొప్పున పెంచుకుంటూ పోతే చాలని ఫ్రీడ్‌మన్ అన్నారు. వెలాసిటీ నిలకడగా లేకపోవడంతో ఆ వాదన బలహీనపడిందని గైడ్‌లో ఒక్క లైన్ రాసి వదిలేశారు. వెలాసిటీ అసలు ఎందుకు మారింది? అది మారితే రూల్ ఎలా దెబ్బతింటుంది? 2020 తర్వాత అమెరికాలో డబ్బు బాగా పెరిగాకే కదా ధరలు పెరిగాయి, అంటే ఫ్రీడ్‌మన్ కరెక్టే కదా?

జవాబు:

గైడ్‌లో ఉన్న లైన్ తప్పు కాదు. కానీ "నిలకడగా లేకపోవడం" అన్న మాట దగ్గరే పిల్లలు పొరబడతారు. ఇరవై ఏళ్లకు పైగా పీజీ క్లాసుల్లో మాక్రో చెప్పాను, ఈ ప్రశ్నకు వచ్చే జవాబుల్లో సగం "ఫ్రీడ్‌మన్ వెలాసిటీ మారదు అన్నాడు, కానీ మారింది" అనే ఉంటాయి. ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు. మారుతుంది, కానీ దాని నడక ముందుగా అంచనా కట్టగలిగినంత పద్ధతిగా ఉంటుంది అన్నాడు. 1980లలో దెబ్బతిన్నది ఆ అంచనాయే.

ముందు లెక్క చూద్దాం. మీకు తెలిసిన సమీకరణమే:

```
M × V = P × Y
```

ఎడమవైపు డబ్బు, అది ఏడాదిలో ఎన్నిసార్లు చేతులు మారిందన్న లెక్క, అంటే వెలాసిటీ. కుడివైపు ధరలు, ఉత్పత్తి. ఈ రెండింటినీ గుణిస్తే నామినల్ జీడీపీ. శాతాల్లోకి మార్చుకుంటే డబ్బు పెరుగుదలకు వెలాసిటీ పెరుగుదల కలిపితే నామినల్ జీడీపీ పెరుగుదల వస్తుంది. 1960లో ఫ్రీడ్‌మన్ తన ప్రతిపాదన పెట్టినప్పుడు ఆయన ముందున్నది అమెరికా దీర్ఘకాల చరిత్ర. ఉత్పత్తి ఏటా 3 శాతం చొప్పున పెరుగుతోంది. జనం ఆదాయం పెరిగేకొద్దీ ఆదాయంతో పోలిస్తే చేతిలో, బ్యాంకులో ఉంచుకునే డబ్బు ఇంకా ఎక్కువ పెరుగుతోంది, అంటే వెలాసిటీ ఏటా సుమారు 1 శాతం తగ్గుతోంది. ధరలు కదలకుండా ఉండాలంటే డబ్బు ఎంత పెరగాలి? 3కి 1 కలిపితే 4. ఆయన 3 నుంచి 5 శాతం మధ్య ఏదో ఒక అంకె పెట్టుకోండి అన్నాడు. అంకె ఎంతన్నది ఆయనకు పెద్ద పట్టింపు కాదు. ఒకసారి పెట్టుకున్నాక దాన్ని ముట్టుకోకపోవడమే ఆయనకు ముఖ్యం.

ఎందుకు ముట్టుకోకూడదు? అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మీద ఆయనకు నమ్మకం లేదు, దానికి కారణమూ ఉంది. 1929 నుంచి 1933 మధ్య అమెరికాలో డబ్బు మొత్తం దాదాపు మూడో వంతు తరిగిపోతుంటే ఫెడ్ చూస్తూ కూర్చుందని అనా ష్వార్ట్జ్‌తో కలిసి ఆయనే తేల్చాడు. రెండో కారణం ఆలస్యం. ఇవాళ డబ్బు పెంచితే దాని ఫలితం ఆర్నెల్లకు రావచ్చు, ఏడాదిన్నరకు రావచ్చు, ఎప్పుడొస్తుందో ముందు తెలియదు. అలాంటప్పుడు ఆర్థిక వ్యవస్థ నీరసించిందని మందు వేస్తే, రోగి లేచి తిరుగుతున్న రోజున ఆ మందు పనిచేయడం మొదలుపెడుతుంది. తెలివైన డాక్టరు కోసం వెతకడం కన్నా డాక్టరు చేతులు కట్టేయడం మేలన్నది ఆయన లెక్క. అయితే ఇది మొత్తం ఒక్క పందెం మీద నిలబడింది: V పద్ధతిగా నడవాలి. M పెరుగుదలను కదలకుండా కట్టేశాక, V ఎటు తూలితే నామినల్ జీడీపీ అటే తూలుతుంది. మధ్యలో అడ్డుకునేవాళ్లు ఉండరు.

ఇప్పుడు V అంటే ఏమిటో ఒక ఇంటి లెక్కలో చూడండి. "నోటు చేతులు మారే వేగం" అని పుస్తకంలో ఉంటుంది కానీ నేను క్లాసులో దాన్ని తిరగేసి చెప్పేవాణ్ని. జనం తమ ఆదాయంలో ఎంత భాగాన్ని డబ్బు రూపంలో పెట్టుకోవాలనుకుంటారన్నదే అసలు సంగతి. ఎక్కువ పెట్టుకుంటే V తక్కువ, తక్కువ పెట్టుకుంటే V ఎక్కువ.

నెలకు 60,000 జీతం వచ్చే ఒకాయన ఉన్నాడనుకోండి. ఒకటో తారీఖున ఖాతాలో పడుతుంది, రోజూ సమానంగా ఖర్చుపెడితే నెలాఖరుకు సున్నా. సగటున ఖాతాలో 30,000 ఉంటుంది. ఏడాది ఆదాయం 7,20,000. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వెలాసిటీ 24. ఇప్పుడు బయట వడ్డీ బాగా వస్తోందని ఆయన ఒకటో తారీఖునే సగం జీతాన్ని పదిహేను రోజులకు ఎక్కడో వేసి పదహారో తారీఖున వెనక్కి తెచ్చుకుంటాడనుకోండి. ఖాతాలో సగటు 15,000కి తగ్గింది, వెలాసిటీ 48 అయింది. జీతం మారలేదు, ఖర్చు మారలేదు, ఇంట్లో కూర కూడా మారలేదు. వెలాసిటీ మాత్రం రెట్టింపయింది.

ఇంకో మలుపు. బ్యాంకువాళ్లు వచ్చి "ఇదే ఖాతాకు ఇకనుంచి మంచి వడ్డీ ఇస్తాం" అన్నారు. ఆయన ఎక్కడో దాచుకున్న 2,00,000 తెచ్చి ఇందులోనే పడేశాడు. సగటు నిల్వ 2,30,000 అయింది, వెలాసిటీ 3 చిల్లరకు పడిపోయింది. ఇప్పుడు కూడా ఆయన ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు పెట్టలేదు. కానీ "డబ్బు" ఏడు రెట్లకు పైగా పెరిగినట్టు లెక్కలో కనిపిస్తుంది. కేంద్ర బ్యాంకులో కూర్చున్నవాళ్లు ఈ పెరుగుదల చూసి ధరలు పేలిపోతాయని భయపడి డబ్బు బిగిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అమెరికాలో 1981 తర్వాత జరిగింది దాదాపు ఇదే.

అంతకుముందు ముప్పై ఏళ్లు వెలాసిటీ చాలా బుద్ధిగా నడిచింది. ఎం1 అంటే కరెన్సీ, చెక్కులు రాసుకునే ఖాతాల్లోని డబ్బు. దాని వెలాసిటీ 1950ల నుంచి 1981 దాకా ఏటా సుమారు 3 శాతం చొప్పున పెరుగుతూ వచ్చింది. గ్రాఫ్ గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. (ఏటా 1 శాతం తగ్గుతుందని పైన చెప్పారు, ఇప్పుడు 3 శాతం పెరిగిందంటున్నారేమిటని అడుగుతారు. ఫ్రీడ్‌మన్ లెక్క వాణిజ్య బ్యాంకుల డిపాజిట్లన్నీ కలిపిన పెద్ద కొలతకు, అదీ యుద్ధానికి ముందు నుంచీ ఉన్న చరిత్రకు. ఎం1 చిన్న కొలత. ఏ కొలతను డబ్బు అనుకుంటున్నామన్న ప్రశ్న ఈ కథలో చివరిదాకా వెంటపడుతుంది.) పైకి పోయినా నిలకడగా పోతోంది కాబట్టి ఇబ్బంది లేదు. ఎం1ను 4 శాతం పెంచండి, వెలాసిటీ 3 కలుపుతుంది, నామినల్ జీడీపీ 7 శాతం పెరుగుతుంది. ఫ్రీడ్‌మన్ దారిలో నడిచే మానిటరిస్టుల ధైర్యమంతా ఈ సరళరేఖే.

ఆ రేఖ అంత సాఫీగా ఎందుకుంది? దాని కింద ఒక చట్టం ఉంది. అమెరికాలో 1933 నుంచి చెక్కు ఖాతాలకు వడ్డీ ఇవ్వడం నిషేధం. సేవింగ్స్ ఖాతాలకు కూడా పరిమితి ఉండేది, 1970ల చివర్లో అది 5 శాతం పైచిలుకు. బయట వడ్డీ రేట్లు పెరిగేకొద్దీ చెక్కు ఖాతాలో డబ్బు ఊరికే ఉంచడం దండగ అనిపించింది. జనం, కంపెనీలు నిల్వలు తగ్గించుకుంటూ వచ్చారు, పైన మన జీతగాడు పదిహేను రోజులకు డబ్బు బయట వేసినట్టే. అంటే ఆ 3 శాతం ప్రకృతి ధర్మమేమీ కాదు. ఒక నిషేధం, పెరుగుతున్న వడ్డీ రేట్లు కలిసి తయారుచేసిన అలవాటు. ఈ రెండూ పోతే అలవాటూ పోతుంది.

1979 అక్టోబర్ 6, శనివారం సాయంత్రం, ఛైర్మన్ పాల్ వోల్కర్ ఆధ్వర్యంలో ఫెడ్ ఇకనుంచి వడ్డీ రేటును కాక బ్యాంకుల రిజర్వులను, వాటి ద్వారా డబ్బు పెరుగుదలను అదుపు చేస్తామని ప్రకటించింది. ఇది పూర్తి ఫ్రీడ్‌మన్ రూల్ కాదు, కానీ ఫెడ్ దాని దగ్గరకు అంతగా రావడం అదే మొదలు. 1980లో ద్రవ్యోల్బణం సగటున 13 శాతం పైన ఉంది. సరిగ్గా ఈ సమయంలోనే చట్టసభ కింద నేలను కదిపింది. 1980 చట్టం ప్రకారం 1981 జనవరి 1 నుంచి దేశమంతటా నౌ ఖాతాలు వచ్చాయి. వీటి మీద చెక్కు రాసుకోవచ్చు, వడ్డీ కూడా వస్తుంది. అంతకుముందు న్యూ ఇంగ్లండ్ ప్రాంతం లాంటి కొన్ని చోట్లే ఉండేవి.

ఇక్కడ కొంచెం ఆగి ఫెడ్ లెక్కలు రాసేవాళ్ల ఇబ్బంది చూడండి. జనవరిలో నౌ ఖాతాల్లోకి డబ్బు వరదలా వచ్చింది. ఇందులో పాత చెక్కు ఖాతా నుంచి వచ్చిన డబ్బు ఎం1లోంచి ఎం1లోకే మారింది, కాబట్టి గొడవ లేదు. సేవింగ్స్ నుంచి వచ్చిన డబ్బు మాత్రం అప్పటిదాకా ఎం1లో లేదు, కొత్తగా చేరింది. సర్వేలు చేసి చూస్తే సుమారు నాలుగింట మూడు వంతులు చెక్కు ఖాతాల నుంచి, మిగతాది సేవింగ్స్ వగైరాల నుంచి అని తేలింది. ఆ మిగతా భాగాన్ని తీసేసి "సర్దుబాటు చేసిన ఎం1" అని ఇంకో అంకె ప్రకటించారు. 1981లో సర్దుబాటు లేని అంకె సుమారు 5 శాతం పెరిగింది, సర్దుబాటు చేసింది 2 శాతం పైచిలుకు. ఆ ఏడాది ఫెడ్ విధానం బిగుతుగా ఉందా, సరిపడా ఉందా? ఏ అంకె చూస్తే ఆ జవాబు. ఏటా 4 శాతం అని రాసుకున్న రూల్ ఈ రెండింటిలో దేన్ని 4 దగ్గర నిలపాలి? రూల్ పుస్తకంలో దీనికి జవాబు లేదు, ఎవరో ఒక మనిషి కూర్చుని తేల్చాలి. ఏ మనిషి చేతులైతే కట్టేద్దామనుకున్నామో ఆ మనిషే.

అసలు దెబ్బ 1982లో తగిలింది. ఆ ఏడాదికి ఎం1 లక్ష్యం 2.5 నుంచి 5.5 శాతం. 1981 చివరి త్రైమాసికం నుంచి 1982 చివరి త్రైమాసికానికి ఎం1 నిజానికి 8 శాతం పైన పెరిగింది. నామినల్ జీడీపీ మాత్రం 4 శాతం లోపే పెరిగింది. తీసివేత చేస్తే వెలాసిటీ 4 శాతానికి పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల అలవాటు ప్రకారం అది 3 శాతం పెరగాలి. అంచనాకు, జరిగినదానికి మధ్య 7 శాతం తేడా. ఇప్పుడు రూల్‌ను అక్షరాలా పాటించి ఎం1ను 4 శాతం దగ్గర ఆపేసి ఉంటే, కాగితం మీద నామినల్ జీడీపీ పెరుగుదల సున్నా దగ్గరికి వచ్చేది. ఆ ఏడాది చివర్లో అమెరికాలో నిరుద్యోగం 10.8 శాతం. అంతకన్నా ఎక్కడికి పోయేదో.

ఈ లెక్కలో ఒక చిన్న మోసం ఉంది, నేనే చెప్పేస్తాను. ఎం1ను నిజంగానే 4 శాతం దగ్గర ఆపితే వడ్డీ రేట్లు అంతగా తగ్గేవి కావు. వడ్డీ ఎక్కువగా ఉంటే జనం నిల్వలు అంతగా పెంచుకునేవాళ్లు కాదు, వెలాసిటీ అంతగా పడేది కాదు. M మారితే V కూడా కొంత మారుతుంది. కాబట్టి సున్నా అన్నది అతి. కానీ అదనపు వడ్డీ భారం అప్పటికే పడిపోయిన ఆర్థిక వ్యవస్థ మీదే పడేది, దిశ మాత్రం అదే. 1982 అక్టోబర్‌లో ఫెడ్ ఎం1ను పక్కన పెట్టింది. అప్పుడు చెప్పిన కారణం కూడా ఇలాంటిదే: ఆ నెలలో గడువు తీరే ఒక రకం పన్ను రాయితీ సర్టిఫికెట్ల డబ్బు, త్వరలో వచ్చే కొత్త ఖాతాలు ఎం1 అంకెను గజిబిజి చేస్తాయని. ఆ డిసెంబర్‌లోనే మనీ మార్కెట్ డిపాజిట్ ఖాతాలు మొదలయ్యాయి, జనవరిలో పరిమితి లేని వడ్డీతో సూపర్ నౌ ఖాతాలు.

ఇదొక్క ఏడాది తూలుడే అయితే రూల్ బతికి ఉండేది. కానీ వెలాసిటీ మళ్లీ పాత గీత మీదకు రాలేదు. 1986 చూడండి: ఎం1 15 శాతం పైన పెరిగింది, నామినల్ జీడీపీ 5 శాతం దగ్గర. వెలాసిటీ ఒక్క ఏడాదిలో 10 శాతం దాకా పడింది. ద్రవ్యోల్బణం 2 శాతం లోపే. అందులో చమురు ధర పడిపోవడం పాత్ర కొంత ఉంది, ఒప్పుకుందాం. కానీ 1983, 84ల్లో డబ్బు వేగంగా పెరుగుతోందని, ధరలు మళ్లీ లేస్తాయని ఫ్రీడ్‌మన్ స్వయంగా హెచ్చరించాడు. అవి లేవలేదు. ఒక సిద్ధాంతకర్త తన అంచనా తేదీ వేసి మరీ చెప్పి తప్పిపోవడం కన్నా వాదనకు పెద్ద దెబ్బ ఉండదు.

ఇంత తేడా ఎందుకు వచ్చిందో ఒక్క పోలికతో అర్థమవుతుంది. 1981లో మూడు నెలల ట్రెజరీ బిల్లు సగటున 14 శాతం ఇచ్చింది, నౌ ఖాతా 5.25 శాతం. డబ్బు ఖాతాలో ఉంచితే ఏటా 9 శాతం దాకా నష్టం. 1986లో బిల్లు 6 శాతానికి వచ్చింది, ఖాతా దాదాపు అక్కడే ఉంది. నష్టం 1 శాతం లోపే. ఆ తేడా కోసం ఎవరు బ్యాంకు చుట్టూ తిరుగుతారు? డబ్బు అక్కడే వదిలేశారు. అంటే ఎం1 ఇప్పుడు సరుకులు కొనడానికి పెట్టుకున్న డబ్బు మాత్రమే కాదు, సగం పొదుపు పెట్టె కూడా. బయటి వడ్డీ కాస్త కదిలితే చాలు, పొదుపు పెట్టెలోకి, బయటికి డబ్బు ఊగుతుంది. ఖర్చుతో దానికి సంబంధం తెగింది. ఇది తాత్కాలికంగా జరిగిన గందరగోళం కాదు, ఆ కొలత స్వభావమే మారిపోయింది. 1987లో ఫెడ్ ఎం1కు లక్ష్యం పెట్టడమే మానేసింది.

కెనడాలోనూ ఇదే కథ. 1982లోనే అక్కడి కేంద్ర బ్యాంకు ఎం1 లక్ష్యాన్ని వదిలేసింది. ద్రవ్య కొలతలను మేం వదల్లేదు, అవే మమ్మల్ని వదిలేశాయని గవర్నర్ జెరాల్డ్ బూయీ అన్న మాట మాక్రో క్లాసుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మానిటరిస్టులు ఊరుకోలేదు, వాళ్ల జవాబులో కొంత బలం కూడా ఉంది. ఫెడ్ 1979 నుంచి 1982 దాకా నిలకడ పెరుగుదల ఎక్కడ ఇచ్చింది? డబ్బు పెరుగుదల ఒక త్రైమాసికం ఎగిరి, మరో త్రైమాసికం కూలింది. ఆ ఊగిసలాట చూసి భయపడిన జనం ముందుజాగ్రత్తగా నిల్వలు పెంచుకున్నారు, వెలాసిటీ పడింది. రూల్‌ను నిజంగా పాటించి ఉంటే వెలాసిటీ కూడా కుదురుగా ఉండేదని ఫ్రీడ్‌మన్ వాదన. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ 1983 తర్వాత ఆ ఊగిసలాట తగ్గాక కూడా వెలాసిటీ పడుతూనే ఉందంటే కారణం వేరే ఉన్నట్టే. ఖాతాల మీద ఆంక్షలు తీసేయడం, వడ్డీ పడిపోవడం అన్న వివరణ ఆ ఏళ్లన్నింటికీ సరిపోతుంది.

రెండో జవాబు: ఎం1 చెడిపోతే ఎం2 ఉంది కదా. ఫ్రీడ్‌మన్ అసలు రూల్ పెద్ద కొలతకే కదా. నిజమే. ఎం2లో సేవింగ్స్, చిన్న టైమ్ డిపాజిట్లు కూడా ఉంటాయి కాబట్టి చెక్కు ఖాతాకు, సేవింగ్స్‌కు మధ్య మారే డబ్బు దాని లోపలే మారుతుంది. ఎం2 వెలాసిటీ 1980ల చివరిదాకా ఒక సగటు చుట్టూనే తిరిగింది. ఫెడ్ దాన్నే పట్టుకుంది. అది కూడా 1990ల మొదట్లో చేయిచ్చింది, ఈసారి ఎదురు దిశలో. ఫెడ్ వడ్డీ రేటు 1990లో ఉన్న 8 శాతం నుంచి 1992 సెప్టెంబర్ నాటికి 3 శాతానికి దిగింది. బ్యాంకు సర్టిఫికెట్ల గడువు తీరినవాళ్లకు కొత్త రేటు చూసి కళ్లు తిరిగాయి. డబ్బు తీసుకుని బాండ్, స్టాక్ మ్యూచువల్ ఫండ్లలో పెట్టారు. అవి ఎం2లో లేవు. 1992లో ఎం2 2 శాతం లోపే పెరిగితే నామినల్ జీడీపీ దాదాపు 6 శాతం పెరిగింది. 1982లో డబ్బు ఎక్కువగా కనిపించినా విధానం బిగుతుగా ఉంది. 1992లో డబ్బు తక్కువగా కనిపించినా ఆర్థిక వ్యవస్థ కోలుకుంటోంది. 1993 జూలైలో ఫెడ్ ఛైర్మన్ గ్రీన్‌స్పాన్ చట్టసభకు వచ్చి ఎం2ను ఇకనుంచి నమ్మదగ్గ సూచికగా తీసుకోవడం లేదని చెప్పాడు.

ఈ మొత్తాన్ని ఒకే చట్రంలో పెట్టాలంటే విలియం పూల్ 1970 వ్యాసం ఉంది, పరీక్షలో తప్పకుండా రాయండి. ఆయన అడిగింది ఇంతే: కుదుపులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? జనం ఖర్చు చేసే మూడ్‌లోంచి వస్తుంటే డబ్బును స్థిరంగా ఉంచడం మేలు. ఖర్చు పెరిగితే డబ్బు చాలక వడ్డీ తనంతట తానే లేస్తుంది, కళ్లెం పడుతుంది. అలా కాక జనం డబ్బును ఎంత ఉంచుకోవాలనుకుంటారన్న దాంట్లోంచే కుదుపులు వస్తుంటే డబ్బును స్థిరంగా ఉంచడం తప్పు. అడిగిన డబ్బు ఇచ్చేసి వడ్డీని స్థిరంగా ఉంచాలి. లేకపోతే ఖాతాల గొడవ ఫ్యాక్టరీల దాకా పాకుతుంది. ఫ్రీడ్‌మన్ ప్రపంచంలో మొదటి రకం కుదుపులే ఎక్కువ. 1980ల అమెరికాలో రెండో రకం పైకొచ్చింది. రూల్ తర్కంలో తప్పు లేదు, అది నిలబడాల్సిన షరతు పోయింది.

అయితే వెలాసిటీ మారినప్పుడల్లా M పెరుగుదలను సర్దితే సరిపోదా? సరిపోతుంది, బెనెట్ మెకల్లమ్ అలాంటి రూల్ రాశాడు కూడా. గత నాలుగేళ్ల సగటు వెలాసిటీ మార్పును లెక్కలో తీసివేసి, నామినల్ జీడీపీ లక్ష్యం తప్పితే ఇంకొంచెం దిద్దుతుంది. అందులో మనిషి ఇష్టారాజ్యం లేదు, అంకెలు వేస్తే జవాబు వస్తుంది. కానీ నాలుగేళ్ల సగటు 1982 లాంటి హఠాత్ మలుపును ఎప్పుడు పట్టుకుంటుంది? నెమ్మదిగా, చాలా ఆలస్యంగా. సగటును కుదిస్తే తాత్కాలికంగా వచ్చిన కుదుపుకు కూడా ఉలిక్కిపడుతుంది. పైగా లక్ష్యం నామినల్ జీడీపీయే అయినప్పుడు మధ్యలో డబ్బు ఎందుకు, సూటిగా దాన్నో ద్రవ్యోల్బణాన్నో గురిపెట్టవచ్చు కదా అన్న ప్రశ్న వచ్చింది. ప్రపంచం అటే వెళ్లింది. మన ఆర్‌బీఐ కూడా చక్రవర్తి కమిటీ 1985లో చెప్పిన, ఎం3 అనే పెద్ద కొలత మీద ఆధారపడ్డ పద్ధతిని 1998లో వదిలి అనేక సూచికల పద్ధతికి మారింది, 2016 నుంచి 4 శాతం ద్రవ్యోల్బణ లక్ష్యం. ఫ్రీడ్‌మన్ కూడా 2003లో ఒక పత్రికా ఇంటర్వ్యూలో డబ్బు పరిమాణాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం విజయవంతం కాలేదని, ఇవాళైతే దాన్ని ఒకప్పుడంత గట్టిగా చెప్పనని ఒప్పుకున్నాడు. తొంభై దాటిన మనిషి ఆ మాట అనడం నాకు ముచ్చటేసింది.

ఇక మీ చివరి ప్రశ్న. ఫ్రీడ్‌మన్ చెప్పినవి రెండు, వాటిని విడదీయాలి. డబ్బు చాలాకాలం ఉత్పత్తిని మించి పెరిగితే ధరలు పెరుగుతాయన్నది ఒకటి. కాబట్టి ఏటా ఒకే శాతం పెంచండన్నది రెండోది. 2020 ఫిబ్రవరి నుంచి ఏడాదిలో అమెరికా ఎం2 పావు వంతుకు పైగా పెరిగింది. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతం. మొదటి మాటకు ఇది మంచి సాక్ష్యం, డబ్బు అంకెలను అసలు చూడటమే మానేసినవాళ్లకు చెంపపెట్టు. రెండో మాటకు మాత్రం ఇదే కాలం ఎదురు సాక్ష్యం. 2020 వసంతంలో ఎం2 వెలాసిటీ 1.4 దగ్గర నుంచి 1.1 దగ్గరకు కూలింది. దుకాణాలు మూత, ప్రభుత్వ చెక్కులు ఖాతాల్లోనే. అందులో కొంత డబ్బు పోసినందుకే వచ్చిన పతనం. కానీ ఆ త్రైమాసికంలో ఏటా 4 శాతమే అని పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో 1982 లెక్కే చెబుతుంది. తర్వాత 2023లో ఎం2 ఏకంగా తగ్గింది, నామినల్ జీడీపీ 6 శాతం పైన పెరిగింది, అంటే వెలాసిటీ వెనక్కి ఎక్కింది. మొత్తం డబ్బు ఎంత పోశారన్నది ధరల గురించి చెప్పింది. ఏ త్రైమాసికంలో ఎంత పోయాలన్నది మాత్రం అది చెప్పలేదు.

గ్రాఫులు మీరే చూడాలనుకుంటే సెయింట్ లూయిస్ ఫెడ్ సైట్‌లో `M1V`, `M2V` అని వెతకండి. `M1V`లో 2020 మధ్యలో కొండ మీంచి రాయి పడ్డట్టు ఒక పతనం కనిపిస్తుంది, దాన్ని చూసి ఆశ్చర్యపోకండి. ఆ ఏడాది ఏప్రిల్‌లో సేవింగ్స్ ఖాతా నుంచి నెలకు ఆరుసార్లకు మించి తీయకూడదన్న పరిమితి ఎత్తేశారు. దాంతో మే నుంచి సేవింగ్స్ డిపాజిట్లన్నింటినీ ఎం1లో కలిపేశారు. ఎం1 దాదాపు 5 లక్షల కోట్ల డాలర్ల నుంచి 16 లక్షల కోట్లకు ఎగిరింది. అందులో ఎక్కువ భాగం ఎక్కడి డబ్బు అక్కడే ఉంది, ఏ పెట్టెలో లెక్కించాలన్నదే మారింది. 1981లో నౌ ఖాతాల దగ్గర ఫెడ్ లెక్కలవాళ్లు తల పట్టుకున్నదీ దీని గురించే.